అలారం మోగితే గిరాకీ ఆగదు: ఒక ఆన్‌లైన్ సెంటర్ ఆపరేటర్ మెడ, కళ్ల కేసు

నేపథ్యం

ఈ కేసులో మనిషికి 51 ఏళ్లు. దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతారు. ఆదాయం, కులం సర్టిఫికెట్లకు దరఖాస్తులు, ఆధార్ జిరాక్సులు, స్కాలర్‌షిప్ ఫారాలు, హాల్ టికెట్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, ఇలా కౌంటర్ దగ్గరికి ఏది వస్తే అది చేస్తారు. ఉదయం తొమ్మిదిన్నరకు షట్టర్ లేపితే మళ్లీ దించేది రాత్రి ఎనిమిదికి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి వచ్చే అరగంట తప్ప మిగతా పొద్దంతా కుర్చీలోనే. భార్య సాయంగా వచ్చి లామినేషన్, జిరాక్సు చూసుకుంటారు. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేను నల్లగొండలో ఫిజియోథెరపీ ప్రాక్టీస్ చేస్తాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల మెడనొప్పికి ఇచ్చే సలహా అందరికీ తెలిసిందే. 20 నిమిషాలకోసారి దూరం చూడండి, గంటకోసారి లేవండి, నిటారుగా కూర్చోండి అంటాం. ఈ మనిషి ఆ మూడూ విన్నారు, చేయడానికి నిజంగా ప్రయత్నించారు కూడా. అయినా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదన్నది చూడదగ్గ విషయం అనిపించింది.

ఏ ఇబ్బందితో వచ్చారు

"మెడ గుంజుతది సార్. పొద్దుగూకేసరికి తల వెనకకెళ్లి పట్టుకొస్తది. కండ్లల్ల మన్ను పడ్డట్టు ఉంటది." తొమ్మిది నెలలుగా ఇదే పరిస్థితి. నొప్పి మెడ వెనక, పుర్రె కింది అంచు దగ్గర మొదలై నుదుటి దాకా వస్తోంది. కుడి భుజం పైభాగం రాయిలా బిగుసుకుపోయింది. వారంలో నాలుగైదు సాయంత్రాలు తలనొప్పి. సాయంత్రం నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారంటే ఏడు వేశారు. ఆదివారం సెంటర్ మూసినరోజు మాత్రం మధ్యాహ్నానికే హాయిగా ఉంటుందట. ఈ చివరి మాట నాకు ముఖ్యం. సెలవు రోజు తగ్గే నొప్పికి కారణాన్ని ముందుగా పని చేసే చోట వెతకాలి.

వచ్చేటప్పుడు ఒక ఎక్స్‌రే తెచ్చుకున్నారు. మెడలో ఐదు, ఆరు పూసల మధ్య అరుగుదల ఉందని రిపోర్టులో రాసి ఉంది. ఆ ముక్క చదివి ఇంట్లో అందరికీ టెన్షన్. మెడికల్ షాపులో కాలర్ కొని రెండు నెలలు పెట్టుకున్నారు. యాభై దాటినవాళ్ల మెడ ఎక్స్‌రేలో ఈ మాట చాలా మామూలుగా కనిపిస్తుంది, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా. అందుకే ఎక్స్‌రేని పక్కన పెట్టి మనిషిని పరీక్షించాను.

ముందుగా చూడాల్సింది ఇది మా చేతిలో ఉండే కేసేనా అన్నది. చేయి తిమ్మిరెక్కడం, పట్టు తగ్గి వస్తువులు జారిపోవడం, నడకలో తూలు, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, వీటిలో ఏదైనా ఉంటే రిమైండర్లు, వ్యాయామాల మాట పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పంపాలి. కంటి వైపు నుంచి అయితే ఉన్నట్టుండి చూపు తగ్గడం, మెరుపులు కనిపించడం, నొప్పితో కన్ను ఎర్రబడడం అలాంటివి. ఈయనకు ఇవేవీ లేవు. తలను నొప్పి ఉన్న వైపుకు వంచి పైనుంచి మెల్లగా ఒత్తినా చేతిలోకి నొప్పి పాకలేదు. మెడ కుడివైపు తిరగడం కొద్దిగా తగ్గింది. పడుకోబెట్టి, గడ్డం లోపలికి లాగి తలను మంచం మీంచి కొంచెం ఎత్తి ఉంచమంటే 12 సెకన్లకే మెడ వణికింది. అంటే మెడ ముందువైపు లోతుగా ఉండే చిన్న కండరాలు బలహీనంగా ఉన్నాయి. తలను మోసే పనంతా వెనక కండరాల మీద పడుతోంది.

అప్పటిదాకా చేసి చూసినవి

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు పండక్కి వచ్చినప్పుడు కంప్యూటర్‌లో ఒక రిమైండర్ ప్రోగ్రాం పెట్టి వెళ్లాడు. 20 నిమిషాలకోసారి తెర మసకబారి, 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరం చూడమని చెబుతుంది. ఫోన్‌లో గంటకోసారి "లేచి నడవండి" అని ఇంకో అలారం. మానిటర్ అంచుకు "నిటారుగా కూర్చో" అని రాసిన పసుపు కాగితం. కొడుకు ఆఫీసులో ఇవన్నీ పనిచేస్తున్నాయి. అక్కడ పని మధ్యలో 20 సెకన్లు ఆగితే అడిగేవాళ్లు ఉండరు.

ఇక్కడ ఎదురుగా బెంచీ మీద నలుగురు కూర్చుని ఉంటారు. దరఖాస్తు సగంలో ఉంది, గిరాకీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, అతను అంకెలు చదువుతున్నాడు, అప్పుడే తెర మసకబారింది. ఓటీపీ గడువు దాటిపోయింది, ఫారం మళ్లీ మొదటికొచ్చింది. "ఫోన్ మోగిందని లేస్తే గిరాకీ ఊకుంటదా సార్? పక్కనే ఇంకో సెంటర్ ఉండె." వారం తిరక్కుండానే ప్రోగ్రాం తీసేశారు. ఫోన్ అలారం ఉంది కానీ, అది మోగిన మరుక్షణం చెయ్యి దానంతటదే వెళ్లి ఆపేస్తుంది. మోగిందా అని అడిగితే గుర్తుండదు.

దీన్ని బద్ధకం అనుకుంటే కేసు అక్కడితో ముగిసిపోతుంది. నేను అలా అనుకోలేదు. గడియారాన్ని బట్టి వచ్చే రిమైండర్‌కి మనిషి ఏ పనిలో ఉన్నాడో తెలియదు. పని సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు వస్తే దాన్ని పక్కకు నెట్టేయడమే తెలివైన పని. పదిసార్లు అలా నెట్టేశాక పదకొండోసారి ఖాళీగా ఉన్నప్పుడు మోగినా చెయ్యి అదే పని చేస్తుంది.

అలారాలను గంటకు ఒకటి చేసి, దానికి ఐదు నిమిషాల పూర్తి విరామం జోడించి మేం మొదటి ప్రయత్నం చేశాం. ఇందులో ఒక లెక్క ఉంది. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 2000లో డేటా ఎంట్రీ ఆపరేటర్ల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. మామూలు విరామాలకు తోడు రోజుకు నాలుగు ఐదేసి నిమిషాల విరామాలు ఇస్తే ఒంటి నొప్పులు, కళ్ల అలసట తగ్గాయి. పని చేసే సమయం 20 నిమిషాలు తగ్గినా చేసిన పని తగ్గలేదు. ఆయనకు ఈ సంగతి నచ్చింది. కానీ ఆ ఆపరేటర్ల ఎదురుగా గిరాకీ కూర్చుని లేదు. ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఉండే రద్దీలో ఐదు నిమిషాలు లేచి వెళ్లడం ఆయన వల్ల కాలేదు. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రమే నిలిచాయి. వాటిని అలాగే ఉంచాం. మెడకు కొంచెం ఊరట వచ్చింది, కళ్ల మంటలో మాత్రం మార్పు లేదు.

వీడియోలో కనిపించింది

రద్దీ సమయంలో పక్కనుంచి పది నిమిషాల వీడియో తీసి పంపమని భార్యకు చెప్పాను. క్లినిక్‌లో కూర్చోబెట్టి చూస్తే మనుషులు క్లినిక్‌లో కూర్చున్నట్టే కూర్చుంటారు. దుకాణంలో ఎలా కూర్చుంటారో దుకాణంలోనే తెలుస్తుంది.

వీడియోలో మొదట కనిపించింది గడ్డం. తెర వైపు చూసిన ప్రతిసారీ గడ్డం పైకి లేచి ముందుకు పొడుచుకొస్తోంది. తల వెనక్కి వాలి, పుర్రె కింది అంచు మెడలోకి నొక్కుకుంటోంది. సరిగ్గా నొప్పి మొదలయ్యే చోటు అదే. మరుక్షణం ఎడమవైపు బల్ల మీద పరిచిన జిరాక్సు కాగితం చూడడానికి తల పూర్తిగా కిందికి. మళ్లీ పైకి. ఒక్క దరఖాస్తులో ఇది ఎన్నిసార్లో.

ఆయన వాడేది బైఫోకల్ అద్దాలు. పై సగంలో పవర్ లేదు, కింది బిళ్లలో ప్లస్ రెండు. మానిటర్ ఏమో పాతకాలపు అడ్డం సీపీయూ డబ్బా మీద కూర్చుని ఉంది. తెర పై అంచు ఆయన కనుబొమ్మల కంటే పైన. దగ్గరి అక్షరాలు కనిపించేది కింది బిళ్లలోంచి, అక్షరాలు ఉన్నదేమో పైన. ఆ రెండూ కలవాలంటే తల వెనక్కి వాల్చక తప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లస్ రెండు అద్దంలోంచి చూస్తే 50 సెంటీమీటర్ల దాకా అక్షరం స్పష్టంగా ఉంటుంది, అది దాటాక మెల్లగా మసకబారుతుంది. ఇది కళ్లద్దాల సాదా లెక్క, ఒకటిని పవర్‌తో భాగిస్తే మీటర్లలో దూరం వస్తుంది. పసుపు కాగితం చూసి ఆయన వెనక్కి జరిగి నిటారుగా కూర్చుంటే తెర 75 సెంటీమీటర్ల దూరానికి పోతుంది. అక్షరం మసకబారుతుంది. రెండు నిమిషాల్లో తెలియకుండానే మొహం మళ్లీ ముందుకు వస్తుంది. "నిటారుగా కూర్చో" అన్న రిమైండర్ ఒక వైపు లాగుతుంటే అద్దాలు ఇంకో వైపు లాగుతున్నాయి. ఈ గుంజులాటలో గెలిచేది ఎప్పుడూ చూపే. కనిపించకపోతే పని జరగదు కదా.

ఈ ఊహ నిజమో కాదో తేల్చుకోవడం సులువు. ఫోన్‌లోనే చెప్పి, సీపీయూ డబ్బాను బల్ల కింద పెట్టించి, మానిటర్‌ని నేరుగా బల్ల మీద దించాం. ఎలా కూర్చోవాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. భార్య మళ్లీ వీడియో తీశారు. గడ్డం పైకి లేవడం చాలావరకు దానంతటదే తగ్గింది. పసుపు కాగితం తీసేయమన్నాను.

మానిటర్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలన్నది అందరికీ చెప్పే మాట. ఆ మాట బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు లేనివాళ్లకు సరిపోతుంది. ఆ అద్దాలు ఉన్నవాళ్లకు తెర ఇంకా కిందికి దిగాలి, పై అంచు కొంచెం వెనక్కి వాలాలి.

ఒకదాని తర్వాత ఒకటి

మార్పులన్నీ ఒకేరోజు చేయలేదు. అలా చేస్తే ఏది పనిచేసిందో, ఏది ఉత్తదో తేలదు. మొదటి వారం తెర ఎత్తు, కాగితం చోటు మాత్రమే. జిరాక్సు కాగితాల కోసం పిల్లల పరీక్ష అట్ట తెచ్చి, క్లిప్పుకు కాగితం పెట్టి, మానిటర్ పక్కనే ఏటవాలుగా ఆనించారు. తల కిందికీ పైకీ ఊగే పని పోయి, కళ్లు మాత్రమే పక్కకు తిరిగే పని మిగిలింది. ఆ వారం సాయంత్రం నొప్పి ఏడు నుంచి ఐదుకు దిగింది. కళ్ల మంట అలాగే ఉంది.

రెండోది అద్దాలు. ఇది నా పని కాదు, కంటి డాక్టర్ పని. నేను చేసిందల్లా ఒక చీటీ రాసి పంపడం. కన్ను నుంచి తెరకు 60 సెంటీమీటర్లు, కాగితానికి 55, రోజుకు తొమ్మిది గంటలు అని టేపుతో కొలిపించి రాశాను. ఈ కొలత చీటీ లేకుండా వెళితే మామూలుగా పుస్తకం చదివే దూరానికే పవర్ రాస్తారు, అది 40 సెంటీమీటర్ల దగ్గర. డాక్టర్ పరీక్షించి, కళ్లు కొద్దిగా పొడిబారాయని చుక్కల మందు ఇచ్చి, కంప్యూటర్ దూరానికి మాత్రమే పనికొచ్చే ఒకే పవర్ అద్దాలు విడిగా రాశారు. అద్దం మొత్తం ఒకటే పవర్ కాబట్టి తెరను ఏ భాగంలోంచి చూసినా కనిపిస్తుంది, గడ్డం ఎత్తాల్సిన పని లేదు. అవి పెట్టుకుని బండి నడపకూడదని మాత్రం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మొదట్లో ఒకసారి అవే పెట్టుకుని ఇంటికి బయల్దేరి, వీధి చివర ఆగి మార్చుకున్నారట.

మూడోది కూలర్. నల్లగొండ ఎండల్లో కూలర్ లేకుండా కూర్చోమనలేం. కానీ అది మొహానికి సూటిగా పెట్టి ఉంది. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు పడే రెప్ప సగం కంటే తక్కువకు వస్తుంది, ఆ వేసే రెప్ప కూడా సగంలోనే ఆగిపోతుంది. దానికి తోడు గాలి నేరుగా తగిలితే కంటి మీది తడి ఇట్టే ఆరిపోతుంది. కూలర్‌ని వీపు వైపు, కొద్దిగా పక్కకు తిప్పాం. దీనికి ఖర్చు లేదు, మందు కంటే ముందు చేయాల్సింది ఇదే.

రిమైండర్‌ని పనికే తగిలించడం

ఇంత చేశాక కూడా విరామం అవసరమే. ఎంత బాగా అమర్చిన కుర్చీలోనైనా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కండరం బిగుసుకుంటుంది. గడియారం పనికిరాదని తేలింది కాబట్టి, ఆయన పనిలో సహజంగా వచ్చే ఖాళీలు ఏవో వీడియోలోనే వెతికాం. అప్పుడు తెలిసిందేమిటంటే ఖాళీలు బోలెడు ఉన్నాయి. సబ్మిట్ నొక్కాక పేజీ తిరుగుతూ ఉంటుంది. రసీదు ప్రింట్ అవుతుంది. గిరాకీ జేబులో చిల్లర వెతుకుతాడు. ఈ సమయమంతా ఆయన తిరుగుతున్న గుండ్రాన్నే చూస్తూ కూర్చుంటున్నారు.

కళ్లకు పెట్టిన నియమం ఒకటే. ప్రింట్ నొక్కగానే చూపు తెర మీంచి లేచి, కాగితం బయటికొచ్చే దాకా రోడ్డు అవతలి కిరాణా దుకాణం బోర్డు మీద ఉండాలి. ఆ లోపు రెండుసార్లు రెప్పలు పూర్తిగా, మెల్లగా మూసి తెరవాలి. ప్రింటర్ వేడెక్కి కాగితం వదలడానికి పావు నిమిషం పైనే పడుతుంది. ఒక దరఖాస్తు ఎనిమిది, పది నిమిషాల పని. కాబట్టి 20 నిమిషాల లెక్క కంటే ఎక్కువసార్లే పడుతుంది, గుర్తు పెట్టుకోవాల్సిన పని లేకుండా. కొత్త అద్దాల్లోంచి బోర్డు మసకగా ఉందని ఫిర్యాదు చేశారు. ఉండాల్సిందే, అవి దూరానికి కావు. ఫ్రేము పైనుంచి చూడమన్నాను. ఆయనకు దూరం చూపుకు పవర్ అవసరం లేదు కాబట్టి అది కుదిరింది. దూరానికి కూడా పవర్ ఉన్నవాళ్లకు ఈ ఉపాయం సరిపోదు.

20 అడుగులే ఎందుకని అడిగారు. ఆయన సెంటర్‌లో రోడ్డు కనిపిస్తుంది కానీ చాలామంది గదులు అంత పొడవు ఉండవు, కాబట్టి చెప్పదగ్గ ప్రశ్నే. కళ్లద్దాల పవర్‌ని కొలిచే డయాప్టర్లలో చెబితే, 60 సెంటీమీటర్ల దూరానికి కన్ను పెట్టాల్సిన ఫోకస్ శ్రమ ఒకటిన్నర డయాప్టర్లు దాటుతుంది. ఆరు మీటర్లు, అంటే 20 అడుగుల దగ్గర అది దాదాపు సున్నా. మూడు మీటర్ల దగ్గర కూడా డయాప్టర్‌లో మూడో వంతే. అంటే పది అడుగుల గదిలో ఎదుటి గోడ చూసినా లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది. కిటికీ లేదని మానేయాల్సిన పని లేదు. ఇక ఆయన వయసులో కంటికి ఫోకస్ మార్చే శక్తి ఎలాగూ కొద్దిగానే మిగులుతుంది, ఆ భారాన్ని కొత్త అద్దాలే చాలావరకు తీసుకున్నాయి. కాబట్టి దూరం చూడడం వల్ల ఆయనకు వచ్చిన మేలు ఎక్కువగా రెప్పలకు, మెడకు అని నా అభిప్రాయం. పాతికేళ్ల ఆపరేటర్ అయితే లెక్క వేరేగా ఉంటుంది.

లేచి నిలబడడానికి జిరాక్సు మెషీన్‌ని వాడుకున్నాం. అది కుర్చీలోంచి చేయి చాస్తే అందేంత దగ్గర ఉండేది. దాన్ని గది అవతలి మూలకు జరిపించాం. గిరాకీకి ఆధార్ జిరాక్సు కావాలంటే లేవాల్సిందే. లేవమని ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేదు. ప్రింటర్‌ని కూడా జరుపుదామని ఆయనే ఉత్సాహపడ్డారు, రెండు రోజులు చూసి వెనక్కి తెచ్చేశారు. ప్రతి రసీదుకూ లేవడంతో లైను కదలడం లేదు. జిరాక్సు ఒక్కటీ చాలు.

స్ట్రెచింగ్ మాత్రం గిరాకీ ముందు చేయలేరు, సిగ్గు కూడా. దాన్ని రోజుకు మూడుసార్లకు కుదించి, రోజూ తప్పకుండా వచ్చే మూడు వేళలకు కట్టాం. షట్టర్ లేపగానే ఒకసారి, భోజనం నుంచి వచ్చి కూర్చోబోయే ముందు ఒకసారి, సాయంత్రం టీ వచ్చినప్పుడు ఒకసారి. చేసేవి మూడే. గడ్డాన్ని వెనక్కి, లోపలికి లాగి ఐదు సెకన్లు ఆపి వదలడం, పదిసార్లు. షట్టర్ ఫ్రేముకు రెండు వైపులా ముంజేతులు ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి, ఛాతీ సాగేలా అరనిమిషం నిలబడడం, రెండుసార్లు. కుడిచేత్తో కుర్చీ అడుగు పట్టుకుని తలను ఎడమ భుజం వైపు వంచి 20 సెకన్లు, తర్వాత రెండో వైపు. మొత్తం నాలుగు నిమిషాలు దాటదు. సాగుతున్నట్టు అనిపించాలి, నొప్పి రాకూడదు. చేతిలోకి జిల్లుమంటే ఆపేయాలి.

ఆయన వీడియోల్లో చూసి చేస్తున్నవి ఎనిమిది రకాలున్నాయి. తలను గుండ్రంగా తిప్పేది వాటిలో ఆయనకు బాగా ఇష్టమైనది, పటపటమని శబ్దం వస్తుంది కాబట్టి. అది తీసేయించాను. అప్పటికే వెనక్కి వాలి వాలి నొక్కుకుపోయిన చోటును మళ్లీ వెనక్కి వాల్చడమే అది. మిగతావి చెడ్డవని కాదు. ఎనిమిది ఉంటే ఒక్కటీ చేయరు, మూడుంటే చేస్తారు.

స్ట్రెచింగ్ ఇచ్చే ఊరట గంటా, రెండు గంటలు. మెడ ముందు కండరాల బలం పెరిగితేనే అది నిలుస్తుంది. అందుకే రాత్రి పడుకునే ముందు, పరీక్షలో చేయించిన ఆ తల ఎత్తే పనినే వ్యాయామంగా ఇచ్చాను. వణుకు మొదలవకముందే దించేయాలి, ఐదారుసార్లు, వారానికి నాలుగు రాత్రులు.

ఎక్కడ తెగిపోయింది

మూడు వారాలు బాగా నడిచింది. తర్వాత వరుసగా కొన్ని రోజులు మధ్యాహ్నం నొప్పి మళ్లీ పెరిగిందని ఫోన్ చేశారు. ఎక్కువ పని చేశారా అంటే కాదు, అసలు గిరాకే లేదట. కారణం అక్కడే ఉంది. గిరాకీ లేకపోతే ప్రింట్ లేదు, జిరాక్సు లేదు. రిమైండర్లన్నీ పనికి తగిలించాం కాబట్టి పని ఆగితే అవీ ఆగిపోయాయి. ఖాళీగా ఉన్న రెండు మూడు గంటలూ ఆయన ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుని, తల వంచి వీడియోలు చూస్తున్నారు. విశ్రాంతి అనుకున్న సమయమే మెడకు అన్నింటికంటే బరువైన సమయం అయింది.

ఇక్కడ గడియారం మళ్లీ పనికొచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర వరకు మాత్రమే, అరగంటకోసారి ఫోన్ అలారం. అప్పుడు గిరాకీ ఉండదు, ఓటీపీ పోదు, ఆపేయడానికి సాకు లేదు. మోగితే గడప దాకా నడిచి రావాలి. ఫోన్ చూడాలంటే కౌంటర్ మీద నిలబెట్టి చూడాలి, ఒళ్లో కాదు. రద్దీలో పనికిరాని పద్ధతే ఖాళీలో బాగా పనిచేసింది.

రెండో దెబ్బ జూన్‌లో తగిలింది. అడ్మిషన్ల కోసం సర్టిఫికెట్లకు జనం షట్టర్ లేపకముందే వచ్చి కూర్చుంటారు. సాయంత్రం టీ కూడా కీబోర్డు పక్కనే చల్లారిపోతుంది. ఆ మూడు వారాలకు స్ట్రెచింగ్‌ని ఉదయం ఒక్కసారికి కుదించి, ప్రింట్ నొక్కినప్పుడు బోర్డు చూడడం మాత్రం వదలొద్దన్నాను. రద్దీ తగ్గాక మూడుసార్లకు తిరిగి వచ్చారు. తప్పిందంటూ మొత్తం మానేయడం కంటే ముందే కుదించి చెప్పడం మేలనుకున్నాను.

ఫలితం, పరిమితులు

ఎనిమిది వారాలకు సాయంత్రం నొప్పి పదికి రెండు, మూడు. తలనొప్పి వారానికి ఒకసారి, అదీ కొన్ని వారాల్లో లేదు. తల ఎత్తి ఉంచే పరీక్ష 12 సెకన్ల నుంచి 27కు వచ్చింది. మెడ కుడివైపు పూర్తిగా తిరుగుతోంది. కాలర్ అటక ఎక్కింది. కళ్ల మంట బాగా తగ్గినా పోలేదు. కూలర్ దిశ ఎవరైనా మార్చిన రోజు మళ్లీ వస్తుంది. జూన్ రద్దీలో నొప్పి నాలుగు, ఐదుకు వెళ్లి, తర్వాత దిగింది. ఎక్స్‌రేలో అరుగుదల అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

నొప్పి తగ్గిన వరుసను చూస్తే, తెర కిందికి దించినప్పుడు ఒక మెట్టు, అద్దాలు వచ్చినప్పుడు పెద్ద మెట్టు, మిగతాదంతా మెల్లగా దిగింది. ఆ మెల్లగా దిగిన భాగంలో వ్యాయామం వాటా ఎంత, లేచి నడవడం వాటా ఎంత అన్నది ఒక్క మనిషిని చూసి విడదీయలేను. కానీ యాభై దగ్గర పడ్డ ఆపరేటర్ ఎవరు మెడనొప్పితో వచ్చినా ఇప్పుడు నేను మొదట అడిగేది ఏ అద్దాలు వాడుతున్నారని, రెండోది పక్కనుంచి తీసిన వీడియో. రిమైండర్ మాట ఆ తర్వాతే.

ఈమధ్య సాయంత్రాలు ఆ కుర్చీలో భార్య కూర్చుంటున్నారు. ఆమెకు 40 దాటలేదు, అద్దాలు లేవు. ఆయనకు దించిన తెర ఆమెకు బాగా కిందికి అయి, మెడ వంచాల్సి వస్తోంది. ఆమె కూర్చున్నప్పుడు మానిటర్ కింద రెండు ఏ4 కాగితాల బండిళ్లు పెట్టి, ఆయన వచ్చాక తీసేయమన్నాను. వారానికే ఒక బండిల్ జిరాక్సులకు ఖర్చయిపోయింది. ఇప్పుడు వడ్రంగి చేత అదే మందంలో ఒక చెక్క పీట చేయించారు. ఆమె కాళ్లు నేలకు అందడం లేదు, కాళ్ల కింద ఇంకో పీట కావాలి. కుడి మణికట్టు నొప్పి కూడా చెబుతున్నారు, దాన్ని విడిగా చూడాలి.